రానని చెప్పే ఉత్తరం

ఉద్యోగం ఇప్పించండి అని ఎల్లా రాయాలో నేర్పే పుస్తకాలు హైదరాబాదు కోఠీ పేవ్‌మెంటు మీద గుట్టలుగా దొరుకుతాయి. మీరు పిలిచారు గాని నేను రావడం లేదండీ అని ఎల్లా రాయాలో నేర్పే పుస్తకం మాత్రం ఇంతవరకు నా కంటబడలేదు. నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. లేఖా రచన పాఠం ఏడాదికోసారి చెబుతూనే ఉన్నాను. తండ్రికి ఉత్తరం, పత్రికా సంపాదకునికి ఉత్తరం, సెలవు చీటీ, దరఖాస్తు - ఇవన్నీ అయ్యాయి. ఈ ఉత్తరం ఒక్కటీ నా పాఠంలో ఏనాడూ లేదు. అది నేర్చుకోవలసిన అవసరం మొదట నాకే వచ్చింది. అప్పుడు నేర్చుకోలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున, నారాయణఖేడ్‌లో మా వీధి అరుగు మీద కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. మా కాలేజీలో రసాయనశాస్త్రంతో బీయెస్సీ పూర్తి చేసిన కుర్రాడొకడు, వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. ఖేడ్ చుట్టుపక్కల తండాల్లో ఒక తండా వాళ్లది. తల్లిదండ్రులిద్దరూ చెరుకు కోతలకు పోతారు. దసరా వెళ్లిందంటే ఇంటికి తాళం పెట్టి, తట్టాబుట్టా సర్దుకుని ఫ్యాక్టరీల వైపు బయలుదేరే కుటుంబాలు మా ప్రాంతంలో చాలా ఉన్నాయి.

"సార్, నౌకరొచ్చింది సార్" అన్నాడు వాడు నిలబడే.

"శుభం! మరి ముఖం అల్లా పెట్టావేం?"

"రెండు కంపెనీలల్ల తిరిగిన సార్. ఒక దాంట్ల అయింది. రెండో దాంట్ల ఇంకా నడుస్తున్నది."

సంగతి ఏమిటంటే - పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వైపు మందుల ఫ్యాక్టరీలున్నాయి గదా. వాటిల్లో తయారైన సరుకు నాణ్యత పరీక్షించే విభాగంలో ట్రైనీ కెమిస్టు ఉద్యోగాలకు మా పిల్లలు పోతుంటారు. వీడూ పోయాడు. ఒక కంపెనీవాళ్లు రాత పరీక్ష పెట్టి, ఒకసారి ఇంటర్వ్యూ చేసి, శనివారం సాయంత్రం ఆఫర్ లెటర్ మెయిలులో పంపారు. నెలకు 18,000 జీతం. చేరవలసిన తేదీ కూడా వేశారు. వీడు అదే రాత్రి "ఒప్పుకుంటున్నాను" అని జవాబు పంపేశాడు. అయితే అంతకు ముందే రెండో కంపెనీలో రాత పరీక్ష, ఇంజనీరుగారి ప్రశ్నలు రెండూ గట్టెక్కాయి. గురువారం నాడు ప్లాంటు మేనేజరుగారు స్వయంగా మాట్లాడతారని కబురు వచ్చి ఉంది.

"ఏం జెయ్యాలె సార్? దోస్తులంతా ఫోన్ ఎత్తకు, వాళ్లే ఊకుంటరు అంటున్నరు."

ఈ ఫోన్ ఎత్తకపోవడమనేది ఇప్పుడొక మర్యాదలాగ చలామణి అవుతున్నది. కంపెనీలు మాత్రం మనకు జవాబిస్తున్నాయా, వందమందిని పిలిచి తొంభైమందికి కాదని కూడా చెప్పవు గదా అని పిల్లల వాదం. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాదనలేక నేను కాసేపు ఊరుకున్నాను.

అప్పుడు వాళ్ల నాన్న అందుకున్నాడు. అంతదాకా అరుగు చివర గొంతుక్కూర్చుని ఉన్నాడాయన.

"సారూ, మేం కోతలకు పోతం. ముకద్దం దగ్గర అడ్వాన్సు తీస్కుంటం. ఒక్కోపాలి ఇంట్ల కష్టమొచ్చి పోలేకపోతం. గప్పుడు లారీ బైలెల్లక ముందే పోయి చెప్పాలె. చెప్తె వాడు ఇంకో జోడీని ఎక్కించుకుంటడు. లారీ పోయినంక చెప్తె ఏం ఫాయిద? గా జోడీ ఇంటికాడనే ఉండిపాయె, గీ జాగ లారీల ఖాళీగనే పాయె."

మొగుడూ పెళ్లామూ కలిసి కోసే లెక్కను జోడీ అంటారు. వాళ్లను కూర్చుకుని తీసుకుపోయే మేస్త్రీ ముకద్దం. పొలంలో కత్తి పట్టే మనిషి, మేమంతా పుస్తకాల్లో వెతికే విషయాన్ని మూడు ముక్కల్లో తేల్చాడు. నాకు ఆ మాట చురుక్కుమంది. అల్లా తగలడానికి కారణం ఉంది.

ఇరవై ఏళ్ల కిందటి మాట. నేను అప్పుడే ఎమ్మే పూర్తిచేసి హైదరాబాదులో ప్రైవేటు జూనియర్ కాలేజీల చుట్టూ తిరుగుతున్నాను. ఒక కాలేజీలో ఇంటర్వ్యూ బాగానే జరిగింది. సోమవారం పది గంటలకు వచ్చి పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలన్నారు. దాన్ని డెమో అంటారు. ఈలోపల శుక్రవారం నాడు ఇంకో కాలేజీవాళ్లు పిలిచి ఉద్యోగం ఇచ్చేశారు. నేను ఎగిరి గంతేసి చేరిపోయాను. మొదటివాళ్లకు ఒక్క ముక్క చెప్పలేదు. కావాలని చెప్పలేదనుకుంటారేమో, కాదు. ఏమని చెప్పాలో తెలియక, చెబితే తిడతారేమోనన్న బెదురుతో, రేపు చెబుదాం ఎల్లుండి చెబుదాం అనుకుంటూ సోమవారం దాటించేశాను. దాటిపోయాక ఇంకేం చెబుతాం? అనుకున్నాను. ఆ తరువాత మరిచిపోయాను.

నాలుగైదేళ్ల తరువాత సంగారెడ్డిలో ఇంటర్మీడియట్ పేపర్లు దిద్దే శిబిరంలో నా పక్క బల్ల మీద ఒకాయన పరిచయమయ్యాడు. నా ఈడువాడే, తెలుగే. మధ్యాహ్నం టీ తాగుతూ ఉద్యోగాల కబుర్లలో పడ్డాం. "నాకు మొదటి ఏడాది వృథా అయిపోయిందండీ" అన్నాడు. ఫలానా కాలేజీలో తాను రెండోవాడుగా నిలిచాడట. మొదటివాడి డెమో సోమవారం ఉంది, వాడు రాకపోతే నీకు చెబుతాం అన్నారట. ఈయన సోమవారమంతా ఫోను పక్కన కూర్చున్నాడు. మొదటివాడు రాలేదు. అయితే వస్తానని గాని రానని గాని చెప్పలేదు గనక, జ్వరమో ఏమో అని వాళ్లు ఓ వారం చూశారు. ఈలోగా కాలేజీ తెరిచారు. పాఠాలు ఆగకూడదు గదా. ఉన్న ఇద్దరు తెలుగు మేష్టర్లకే ఆ గంటలు పంచేశారు. పని జరుగుతూనే ఉంది గనక, ఇంకొకరికి జీతం దండగ అని యాజమాన్యం ఆ ఖాళీనే ఎత్తేసింది. ఈయన ఆ ఏడాదంతా ఊళ్లో ట్యూషన్లు చెప్పుకున్నాడు.

కాలేజీ పేరు, ఆ సంవత్సరం, ఆ సోమవారం - అన్నీ సరిపోయాయి. ఆ మొదటివాణ్ణి నేనే. టీ గ్లాసు చేతిలో పట్టుకుని "అయ్యో, పాపం" అన్నాను. అంతకు మించి నోరు పెగల్లేదు. ఆయన ఇప్పటికీ ఎక్కడో ఒకచోట పాఠం చెబుతూనే ఉండి ఉంటాడు. ఆయన మంచివాడు, కోప్పడేవాడు కూడా కాదు. అయినా చెప్పలేకపోయాను.

అంచేత ఆదివారం నాటి ఆ కుర్రవాడి సమస్య నాకు పాఠంలాగ కాక, పాత బాకీలాగ కనిపించింది. ఆ మందుల కంపెనీలో కూడా ఒక రెండోవాడు ఉంటాడు. గురువారం నాడు మేనేజరు ఎవరితోనూ మాట్లాడకుండా గడియారం చూసుకుంటూ కూర్చుంటే నష్టం మేనేజరుకు అరగంట. రెండోవాడికి నష్టం ఎంతో మనకు తెలియదు. మన ఉత్తరం పైకి కంపెనీకి రాసినట్టుంటుంది. నిజానికి అది చేరవలసింది ఆ కనబడని మనిషికి.

"అయితే ఉత్తరం రాద్దాం" అన్నాను. "కాని రాసేముందు ఒక ప్రశ్న. నీకు వచ్చిన ఉద్యోగం నిజంగా వచ్చినట్టేనా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. నోటిమాటగా "నువ్వు సెలెక్టయ్యావు" అంటే అది ఉద్యోగం కాదు. కాగితం మీద జీతం, హోదా, చేరే తేదీ ఉండాలి. దానికి మనం ఒప్పుకున్నట్టు జవాబిచ్చి ఉండాలి. అంతదాకా రెండు చోట్లా ఇంటర్వ్యూలకు పోవడంలో తప్పేమీ లేదు. అవతలివాళ్లు కూడా పదిమందిని చూస్తున్నారు గదా. కాగితం వచ్చాక కూడా ఆలోచించుకోవడానికి రెండు రోజుల గడువు అడగవచ్చు. చాలామంది ఇస్తారు. ఒప్పుకున్నామని మన చేత్తో రాసిన క్షణంతో లెక్క మారుతుంది. ఆ తరువాత రెండోచోట మన పేరు ఉంచడమంటే, కూర్చోనని తెలిసీ కుర్చీ మీద తువ్వాలు వేయడమే.

వాడు తల గోక్కుని, అసలు భయం బయటపెట్టాడు. "ఇంకా మెడికల్ కావాలె సార్. మంగళారం ఉన్నది. గండ్ల ఫెయిలైతే?"

ఆ భయం న్యాయమైనదే. ఆఫర్ లెటరులో కింద చిన్న అక్షరాలతో, వైద్య పరీక్షలో నెగ్గితేను, సర్టిఫికెట్లు సరిగా ఉంటేను అని రాసి ఉంటుంది. ఆ షరతులు తేలక ముందే రెండోదాన్ని వదిలేసి, తీరా మొదటిది చెయ్యిస్తే ఆ పిల్లవాడికి ఎవరు దిక్కు? ఇచ్చిన ఆఫరును వెనక్కు తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. అంచేత, ఆ షరతుల్లో నీకు నిజంగా అనుమానమున్నది ఏదైనా ఉంటే, అది తేలేదాకా ఆగవచ్చునని నా అభిప్రాయం. లేనిపోని అనుమానాన్ని సాకు చేసుకుని ఆగకూడదు.

"మెడికల్‌లో ఏం చూస్తారోయ్?"

"బీపీ, రక్తం, ఎక్స్‌రే సార్. ఇంకా కండ్లు. రంగులు గుర్తుపడుతమా లేదా అని."

రంగులు చూడటం వాళ్లకు ముఖ్యమే. ద్రావణాల పరీక్షలో రంగు మారిన చుక్క దగ్గర ఆగాలి. అది కనబడనివాడు ఆ బల్ల దగ్గర పనికిరాడు. "మూడేళ్లు మా కాలేజీ లేబొరేటరీలో ఆ గులాబి రంగు చుక్క చూశావా లేదా?" అన్నాను. "చూసిన సార్" అన్నాడు నవ్వుతూ. సర్టిఫికెట్లు అన్నీ ఇంట్లోనే ఉన్నాయి, మెమోల్లో పేరు ఒకే రకంగా ఉంది. ఇంక అనుమానానికి తావెక్కడిది? మంగళవారం దాకా ఆగితే మిగిలేది ఒక్క బుధవారం. ఒక రోజు ముందు చెబితే, తండాలోనో పల్లెలోనో ఉన్న రెండోవాణ్ణి గురువారానికి పిలిపించడం కుదరదు. ఖేడ్ నుంచి పటాన్‌చెరు వైపు వెళ్లాలంటే పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. అంతకు ముందు రోజు పనికి సెలవు చెప్పుకోవాలి. సోమవారం పొద్దున ఆఫీసు తెరవగానే చెబితే వాళ్లకు మూడు రోజులు చేతిలో ఉంటాయి. అల్లాగేనని నిర్ణయించాం.

అప్పుడు వాడు జేబులోంచి ఫోను తీసి, రాత్రే రాసి పెట్టుకున్న చిత్తుప్రతి చూపించాడు. ఇంగ్లీషులో ఉంది. చదివితే నాకు నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. ఒక పేరాలో అమ్మకు ఒంట్లో బాగుండటం లేదని ఉంది. ఇంకో పేరాలో ఫ్యాక్టరీ దూరమని ఉంది. మూడో పేరాలో వేరే కంపెనీ పేరు, జీతం అంకెతో సహా. చివర, "అంచేత గురువారం రావడం నాకు వీలుకాకపోవచ్చు, దయచేసి భవిష్యత్తులో నన్ను గుర్తుంచుకోండి" అని.

"మీ అమ్మకు ఏమైందిరా?"

వాడు తల వంచుకున్నాడు. వాళ్ల నాన్న, "ఆమె మంచిగనే ఉంది సారూ!" అన్నాడు ఆశ్చర్యంగా.

అబద్ధం పాపమని నేను నీతులు చెప్పలేదు. అది పని చేయదని చెప్పాను. అమ్మకు బాగాలేదంటే అవతల మంచివాడైతే ఏమంటాడు? "అయ్యో, అల్లాగా, వచ్చే గురువారం రండి" అంటాడు. అప్పుడు ఇంకో అబద్ధం కావాలి. దూరమన్నామంటే, బస్సు మేమే వేస్తామంటాడు. కారణం చెప్పిన ప్రతిచోటా, ఆ కారణానికి విరుగుడు వెతకడానికి అవతలివాడికి ఒక దారి తెరిచినట్టే. కంపెనీ పేరు, జీతం రాశామంటే అది బేరంలాగ కనిపిస్తుంది. మరొకచోట ఒప్పుకున్నాననే ఒక్క నిజం చాలు. దానికి విరుగుడు లేదు.

ఇక "వీలుకాకపోవచ్చు" అన్న మాట. తెలుగు మేష్టరును గనక అక్కడ నా కన్ను ఆగిపోయింది. ఆ క్రియ సందేహం చెబుతుంది. వస్తాడేమో, రాడేమో. చదివినవాడు ఆ పేరు కొట్టెయ్యలేడు, ఉంచనూ లేడు. రెండోవాడు మళ్లీ ఫోను పక్కన కూర్చోవలసిందే. మొహమాటం కొద్దీ మనం క్రియను మెత్తబరుస్తాం. ఆ మెత్తదనం వల్ల ఇంకొకరికి వారం రోజులు పోతాయి. మర్యాదనంతా నమస్కారంలోనూ కృతజ్ఞతలోనూ పెట్టుకోవచ్చు. క్రియ మాత్రం గట్టిగా ఉండాలి.

కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలింది ఇది. ఇంగ్లీషులో వాడే రాశాడు, తెలుగు చేసి ఇక్కడ ఇస్తున్నాను:

"అయ్యా, నమస్కారం. ట్రైనీ కెమిస్టు ఉద్యోగానికి నన్ను పరిగణించి, రెండు విడతల్లో నా కోసం సమయం వెచ్చించినందుకు కృతజ్ఞుణ్ణి. నేను మరొకచోట ఉద్యోగానికి ఒప్పుకున్నాను గనక, ఈ ఎంపిక నుంచి విరమించుకుంటున్నాను. గురువారం నాటి ఇంటర్వ్యూ సమయాన్ని మరొక అభ్యర్థికి కేటాయించుకోగలరని ఇప్పుడే తెలియజేస్తున్నాను. మీకూ, మేనేజరుగారికీ నా ధన్యవాదాలు."

కింద పూర్తి పేరు, ఫోను నంబరు, వాళ్లిచ్చిన అభ్యర్థి నంబరు. అంతే. ఇదంతా కొత్త మెయిలుగా కాకుండా, ఇంటర్వ్యూకు రమ్మని వాళ్లు పంపిన మెయిలుకే జవాబుగా పంపమన్నాను. అప్పుడు ఏ ఉద్యోగం, ఏ తేదీ, ఎవరు పిలిచారు అన్న వివరాలన్నీ కింద వాటంతట అవే ఉంటాయి. మధ్యలో కన్సల్టెన్సీవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ అదే ముక్క చేరాలి. వీడి విషయంలో ఎవరూ లేరు. మర్నాడు మధ్యాహ్నానికి జవాబు రాకపోతే ఒకసారి ఫోను చేసి, చేరిందో లేదో కనుక్కోమన్నాను. పంపిన ఉత్తరం వేరు, చేరిన ఉత్తరం వేరు.

"గింతేనా సార్? మరీ చిన్నగ లేదా?" అన్నాడు అనుమానంగా.

అది చదివేవారికి ఆ రోజు ఇంకా వంద మెయిళ్లు ఉంటాయి. నాలుగు వాక్యాలైతే నిలబడి చదివి, అప్పటికప్పుడే తరువాతి పేరుకు ఫోను చేస్తారు. నాలుగు పేరాలైతే, తీరిగ్గా చదవచ్చునని పక్కకు పెడతారు.

సోమవారం తొమ్మిదిన్నరకు వాడు కాలేజీకే వచ్చి, స్టాఫ్ రూములో నా ఎదురుగానే ఉత్తరం పంపాడు. పదకొండు కాకముందే వాడి ఫోను మోగింది. ఆ కంపెనీ హెచ్చార్ ఆవిడ. ఫోను స్పీకరులో పెట్టాడు. మర్యాదగానే మాట్లాడింది. "ఎంత ఇస్తున్నారు మీకు అక్కడ?" అని అడిగింది. వాడు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. "18,000 మేడం" అన్నాడు. "మేం 20,000 ఇవ్వగలం. గురువారం వచ్చి మేనేజరుగారిని కలవండి. ఆయనకు మీ జవాబులు నచ్చాయి" అందామె.

రెండు వేలు. వాళ్ల ఇంట్లో నెలకు రెండు వేలంటే ఏమిటో నాకు తెలుసు. ఇల్లాంటి పిలుపు రావచ్చునని ఆదివారమే చెప్పి ఉండవలసింది. ఏం జవాబివ్వాలో ముందే తేల్చుకుని ఉండమని చెప్పి ఉండవలసింది. అది నాకు తట్టలేదు. మేష్టరుగారి పాఠంలో అంత పెద్ద వెలితి! ఇప్పుడు చెబుదామంటే నోరు రాలేదు. నా జీతం నెలనెలా బ్యాంకులో పడుతున్నది. ఆ రెండు వేలు వదులుకోమని చెప్పే హక్కు నాకెక్కడిది?

వాడు కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "థాంక్యూ మేడం. కానీ వాళ్లకు మాటిచ్చిన మేడం. గురువారం వేరేవాళ్లను పిలువుండ్రి" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "సరే, మంచిది. ముందుగా చెప్పారు, ఇంకొకరిని పిలుస్తాం" అని పెట్టేసింది.

ఫోను జేబులో పెట్టుకుంటూ, "తప్పు జేసిన్నా సార్?" అని అడిగాడు.

"నాకు తెలియదురా" అన్నాను. ఆ మాట నిజం. ఒప్పుకోక ముందే ఆమె ఈ మాట అని ఉంటే, నిక్షేపంగా వెళ్లమనేవాణ్ణి. శనివారం రాత్రి రెండు రోజుల గడువు అడిగి ఉంటే ఈ రెండు వేలు వాడివే అయ్యేవేమో. తొందరపడి ఒప్పుకున్నందుకు ఆ ధర చెల్లించాడు. ఈసారి ఎవరైనా పిల్లలు నా దగ్గరకు వస్తే, రానని చెప్పే ఉత్తరం కంటే ముందు, ఆలోచించుకోవడానికి వ్యవధి అడిగే ఉత్తరం నేర్పాలి.

ఒక్కడు పేరు వదలకపోతే వెనక వరస ఎల్లా ఆగిపోతుందో మన రాష్ట్రంలో ఈమధ్యనే చూశాం. గురుకుల విద్యాలయాల నియామక మండలి 2023లో తొమ్మిది వేలకు పైగా ఉద్యోగాలకు ప్రకటనలిచ్చింది. డిగ్రీ లెక్చరరు, జూనియర్ లెక్చరరు, పీజీటీ, టీజీటీ - అర్హత ఉన్నవారు అన్నింటికీ పరీక్షలు రాశారు. 2024 మొదట్లో ఫలితాలు వచ్చేసరికి ఒకే మనిషికి రెండు, మూడు ఉద్యోగాలు వచ్చాయి. ఎవరైనా చేరేది ఒక్కదానిలోనే గదా. పెద్ద పోస్టులు ముందు నింపి, వరసగా కిందికి రావాలని అభ్యర్థులు మొత్తుకున్నారు. అల్లా జరగక చాలా పోస్టులు ఖాళీగా మిగిలిపోయాయి. తరువాతి మార్కులవాళ్లు వాటిని మాకివ్వండని ధర్నాలు చేశారు. అక్కడ తప్పు అభ్యర్థులది కాదు. ఒకటి దొరికినవాడు మిగతావాటిని వదులుకుంటే, ఆ ఖాళీ తరువాతివాడికి సకాలంలో చేరే దారి లేకపోయింది. ప్రైవేటు ఉద్యోగంలో ఆ దారి ఉంది. అది మన చేతిలోని నాలుగు వాక్యాల ఉత్తరమే.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో వైద్యం చదివినవాళ్లు ఆసుపత్రుల్లో శిక్షణకు చేరాలి. 1945లో అక్కడి ఆసుపత్రులు, పిలుపు అందుకున్న విద్యార్థి జవాబివ్వడానికి పది రోజుల గడువు పెట్టుకున్నాయి. విద్యార్థులు తమకు ఇంకా ఇష్టమైన ఆసుపత్రి నుంచి పిలుపు వస్తుందేమోనని, చేతిలో ఉన్నదానికి అవునూ కాదూ అనకుండా చివరి నిమిషందాకా పట్టుకు కూర్చునేవారు. వాళ్లు తేల్చేసరికి తరువాతివాళ్లు ఎక్కడో చేరిపోయేవారు. గడువు తగ్గిస్తూ పోయారు. 1949 నాటికి పన్నెండు గంటల గడువు కూడా ఎక్కువేనని ఆసుపత్రులు అన్నాయి. చివరికి 1952లో, ఎవరి ఇష్టాలు వారు వరసగా రాసిస్తే, అన్నీ ఒకచోట చేర్చి జత కలిపే పద్ధతి పెట్టుకున్నారు. అంత చదువుకున్నవాళ్లకు కూడా, చేతిలోది సకాలంలో వదలడం అంత కష్టమైంది. మా కుర్రవాడు దాన్ని సోమవారం పదకొండు గంటలకు చేశాడు.

మంగళవారం మెడికల్ అయింది. బుధవారం బాగానే ఉందని కబురొచ్చింది. ఇప్పుడు వాడు పాశమైలారం దగ్గర ముగ్గురు స్నేహితులతో గది తీసుకుని షిఫ్టులు చేస్తున్నాడు. మొన్న జీతం రాగానే ఫోను చేశాడు. గురువారం నాడు ఆ రెండో కంపెనీలో ఎవరు ఇంటర్వ్యూకు వెళ్లారో, ఆ ఉద్యోగం ఎవరికి వచ్చిందో వాడికి తెలియదు, నాకూ తెలియదు. తెలుసుకునే అవసరమూ లేదు.

కాని ఆ ఆదివారం నుంచి నాకు మాత్రం ఒక పని మిగిలిపోయింది. సంగారెడ్డి శిబిరంలో నా పక్క బల్ల మీద కూర్చున్న ఆయన నంబరు పాత డైరీలో వెతికాను, దొరకలేదు. దొరికితే ఏమని రాయాలో మాత్రం ఇప్పుడు తెలుసు. అదీ నాలుగు వాక్యాలే. ఆయన వారపత్రికలు చదివే అలవాటున్నవాడని గుర్తు. ఇది ఆయన కంటబడితే, ఆ సోమవారం రానివాణ్ణి నేనేనని, ఆ రోజు టీ తాగుతూ చెప్పలేకపోయానని గ్రహించగలడు.